కంపెనీ రిటైల్ హెల్త్ మానేస్తోంది: 140 కుటుంబాలకు ఈ కబురు ఎలా చెప్పాలి?

ఉష_మల్కాజిగిరి
నవంబర్ 24, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను 11 ఏళ్లుగా ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీకి ఏజెంటును. కంపెనీ పేరు ఇక్కడ రాయను. మల్కాజిగిరి, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వైపు నా దగ్గర 140 కుటుంబాల హెల్త్ పాలసీలు ఉన్నాయి. మొన్న శుక్రవారం బ్రాంచికి పిలిచి చెప్పారు. వ్యక్తులకు, కుటుంబాలకు ఇచ్చే హెల్త్ పాలసీలన్నీ కంపెనీ ఆపేస్తోందట. మోటారు ఉంటుంది, ఆఫీసులకు ఇచ్చే గ్రూప్ హెల్త్ ఉంటుంది. రిటైల్‌లో, అన్ని కంపెనీలూ ఒకే రూపంలో ఇచ్చే స్టాండర్డ్ ప్లాను ఆరోగ్య సంజీవని ఒక్కటి మాత్రం మిగులుస్తారు.

కస్టమర్లకు పంపమని ఒక లెటర్ ఇచ్చారు. "మీకు మరింత మెరుగైన సేవలు అందించే క్రమంలో మా ఉత్పత్తుల శ్రేణిని పునర్వ్యవస్థీకరిస్తున్నాము. మీ రెన్యువల్ సమయంలో తగిన ప్రత్యామ్నాయాలు అందుబాటులో ఉంటాయి." ఇంతే. ఏ పాలసీ ఆగుతోంది, ఎప్పటి నుంచి, తను ఏం చేయాలి, ఏ తేదీలోపు చేయాలి, ఇవేవీ లేవు. నేను రెండుసార్లు చదివితేగానీ నాకే అర్థం కాలేదు. 70 ఏళ్ల పెద్దాయనకు ఏం అర్థమవుతుంది?

నా దగ్గర ఉన్నవాళ్లలో సగానికి పైగా 60 దాటినవాళ్లే. షుగర్, బీపీ ఉన్నవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు. నా మాట నమ్మి పాలసీ తీసుకున్నవాళ్లు. సొంతంగా తెలుగులో ఒక ఉత్తరం రాసి, ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్పాలనుకుంటున్నాను. ఏం రాయాలి, ఏం రాయకూడదు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

కిరణ్_ఉప్పల్
నవంబర్ 24, రాత్రి 10:15

అక్కా, ఇందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు. అందరినీ వేరే కంపెనీకి పోర్ట్ చేసేయండి. పోర్ట్ చేస్తే పాత వెయిటింగ్ పీరియడ్ అంతా కలిసి వస్తుంది. కొత్త కంపెనీ మళ్లీ మెడికల్ టెస్టులు అడగకూడదు, కాదనే హక్కు కూడా లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూల్ అది. ఉత్తరంలో రెండు లైన్లు రాస్తే సరిపోతుంది.

---

శ్రీనివాసరావు_రిటైర్డ్
నవంబర్ 25, ఉదయం 6:30

ఉష గారూ, నేను ప్రభుత్వ రంగ కంపెనీలో 31 ఏళ్లు పనిచేశాను. అందులో చివరి 12 ఏళ్లు హెల్త్ అండర్‌రైటింగ్‌లోనే.

ముందు కిరణ్ గారి మాట సరిచేయాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఆ మాట పడితే నష్టపోయేది మీ కస్టమరు. వెయిటింగ్ పీరియడ్ కలిసి వస్తుందన్నది నిజమే. ఇక్కడ 3 ఏళ్లు పూర్తి చేసిన మనిషికి అక్కడ షుగర్ కోసం మళ్లీ 3 ఏళ్లు ఆగమనరు. కానీ పోర్టింగ్ అంటే కొత్త కంపెనీకి కొత్త ప్రపోజలే. వాళ్లు టెస్టులు అడగొచ్చు, ప్రీమియం మీద లోడింగ్ అని అదనంగా వేయొచ్చు, వద్దని కూడా అనొచ్చు. నేనే ఎన్నో ఫైళ్లు వద్దని రాశాను. రెండేళ్ల కింద స్టెంట్ పడిన 68 ఏళ్ల మనిషి పేపర్లు నా టేబుల్ మీదకు వస్తే నేను కూడా సంతోషంగా సంతకం పెట్టి ఉండేవాణ్ని కాదు.

మీ సొంత కంపెనీ మాత్రం కాదనడానికి వీల్లేదు. మీ పాలసీ పుస్తకంలో చివరి పేజీల్లో "విత్‌డ్రాయల్ ఆఫ్ పాలసీ" అని ఒక క్లాజు ఉంటుంది, తీసి చూడండి. ప్రొడక్టు ఆపేస్తుంటే పాలసీ గడువు ముగియడానికి 90 రోజుల ముందు కస్టమరుకు తెలియజేయాలి, అదే కంపెనీలో ఉన్న అలాంటి ఇంకో ప్లానులోకి వెయిటింగ్ పీరియడ్లు, క్లెయిమ్ లేని ఏళ్లకు కలిసిన బోనసు వంటివి పోకుండా మారే అవకాశం ఇవ్వాలి అని ఉంటుంది. పాలసీ మధ్యలో తెగకుండా నడిచి ఉండాలి, అదొక్కటే షరతు. దాన్నే మైగ్రేషన్ అంటారు. మీ దగ్గర మిగిలిన ప్లాను ఆరోగ్య సంజీవని ఒక్కటే కాబట్టి మీవాళ్లకు ఖాయంగా దొరికే గూడు అదే. పోర్టింగ్ దానికంటే మంచి ఇల్లు కావచ్చు, కానీ తలుపు తీస్తారో లేదో చెప్పలేం.

ఇంకో మాట. వృద్ధులకు ఇస్తున్న వ్యక్తిగత హెల్త్ ప్లాన్లు వెనక్కి తీసుకోవాలంటే ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరి 30న సర్క్యులర్ వచ్చింది. మీ కంపెనీ ఆ పని చేసిందా అని బ్రాంచి మేనేజరును రాతపూర్వకంగా అడగండి. నోటిమాటకు విలువ లేదు.

---

రమేష్_కూకట్‌పల్లి
నవంబర్ 25, ఉదయం 8:05

మాది ఐటీ కంపెనీ, హైటెక్ సిటీ. మా ఆఫీసు మెడిక్లెయిమ్ కూడా మీరు చెప్తున్న కంపెనీదేనేమో అనిపిస్తోంది. అమ్మానాన్నలు కూడా అందులోనే ఉన్నారు. వచ్చే నెల అమ్మకు మోకాలి ఆపరేషన్ ఉంది. మేము కూడా పోర్ట్ చేసుకోవాలా? ఇప్పుడు క్యాష్‌లెస్ ఆగిపోతుందా?

---

ఉష_మల్కాజిగిరి
నవంబర్ 25, ఉదయం 8:50

రమేష్ గారూ, మీది గ్రూప్ పాలసీ. అది ఆగట్లేదు, దాని సంగతి మీ హెచ్‌ఆర్ చూసుకుంటారు. అమ్మగారి ఆపరేషన్ ధైర్యంగా చేయించండి.

శ్రీనివాసరావు గారూ, చాలా థాంక్స్. క్లాజు తీసి చూశాను, మీరు చెప్పినట్టే ఉంది. 11 ఏళ్లలో ఆ పేజీ నేను ఒక్కసారి కూడా చదవలేదు.

రమేష్ గారి ప్రశ్న చూశాక ఒకటి అర్థమైంది. మనం "ఆపేస్తున్నారు" అనగానే జనం "ఈ రోజే ఆగిపోయింది" అనుకుంటారు. నిన్న ఒక కస్టమరు ఫోన్ చేసి "అమ్మా, ఆసుపత్రిలో కార్డు చెల్లదట కదా" అన్నారు. పక్కింటాయన చెప్పారట.

---

పద్మ_సైనిక్‌పురి
నవంబర్ 25, మధ్యాహ్నం 1:20

నేను కస్టమరు వైపు నుంచి చెప్తాను. మూడేళ్ల కింద మా అత్తమామల పాలసీకి ఇలాగే జరిగింది, వేరే కంపెనీ. లెటర్ వచ్చింది, మామయ్య దాన్ని కరెంటు బిల్లులతో కలిపి ఫైల్లో పెట్టేశారు. అందులో ఆయన చేయాల్సిన పని ఏమీ కనిపించలేదు మరి. తర్వాత ఎవరో ఫోన్ చేసి, "మీ కంపెనీ మూతపడింది, మీ పాలసీని ట్రాన్స్‌ఫర్ చేస్తాం, ఈ నంబరుకు డబ్బులు పంపండి" అన్నారు. ఆయన 22 వేలు పంపారు. అది మోసమని మాకు తెలిసేసరికి అసలు పాలసీ గడువు దాటి 40 రోజులైంది. 30 రోజుల గ్రేస్ కూడా పోయింది. తొమ్మిదేళ్ల పాలసీ మొదటికొచ్చింది. అత్తమ్మకు ఇప్పటికీ పాలసీ లేదు, ఎవరూ ఇవ్వట్లేదు.

దయచేసి ఉత్తరంలో మొదటి లైన్‌లోనే రాయండి, మీ పాలసీ ఫలానా తేదీ దాకా చెల్లుతుంది అని. రెండో లైన్‌లో, ఎవరు ఫోన్ చేసినా డబ్బులు పంపొద్దు అని. మిగతావన్నీ తర్వాత.

---

జావేద్_బ్రోకర్
నవంబర్ 25, సాయంత్రం 5:45

పద్మ గారు చెప్పింది బంగారం లాంటి మాట. నేను ఆబిడ్స్‌లో ఒక బ్రోకింగ్ ఆఫీసులో పనిచేస్తాను. ఇలాంటి కబురు మేము రెండుసార్లు పంపాం. మొదటిసారి అందరికీ ఒకే ఉత్తరం పంపాం. "60 రోజుల ముందు, 45 రోజుల ముందు" అని రాశాం. ఎవరూ లెక్క వేసుకోలేదు. రెండోసారి ఒక్కొక్కరి రెన్యువల్ తేదీ పట్టుకుని మేమే లెక్క వేసి తేదీలు నింపాం. ఫోన్లు వచ్చాయి, పనులు జరిగాయి.

అక్కా, 140 మందికి మూడు తేదీలు వేయడం ఒక సాయంత్రం పని. ఎక్సెల్‌లో రెన్యువల్ తేదీ కాలమ్ పెట్టి పక్కన తీసివేతలు పెట్టండి. రెన్యువల్ తేదీ A2లో ఉంటే:

```
=A2-60
=A2-45
=A2-30
```

పోర్టింగ్ అప్లికేషన్ మొదటి రెండు తేదీల మధ్య పడాలి. మూడోది మైగ్రేషన్‌కు చివరి తేదీ. ఇప్పుడు కంపెనీలు అంత ఆలస్యం చేయడానికి లేదు. పాత కంపెనీ 72 గంటల్లో వివరాలు ఇవ్వాలి, అవి అందాక కొత్త కంపెనీ 5 రోజుల్లో తేల్చాలి. 2024 మాస్టర్ సర్క్యులర్‌లో ఉంది. కానీ టెస్టులు అడిగితే ఆ రిపోర్టులు తెచ్చేసరికి వారం పది రోజులు మన చేతిలోనే పోతాయి.

---

ఉష_మల్కాజిగిరి
నవంబర్ 26, రాత్రి 10:30

జావేద్ భాయ్, ఈ సాయంత్రం కూర్చుని లెక్క వేశాను. ఒక కేసు మీ అందరి ముందు పెడతాను, మిగతావాటికి దారి తెలుస్తుంది.

మా పక్క వీధిలో రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆయనకు 68, అమ్మగారికి 63. ఇద్దరికీ కలిపి 5 లక్షల ఫ్లోటర్, 7 ఏళ్లుగా ఒక్క రోజు తెగలేదు. ఆయనకు షుగర్, రెండేళ్ల కింద ఒక స్టెంట్. ఆ క్లెయిమ్ తర్వాత బోనసు తగ్గి ఇప్పుడు లక్ష ఉంది. రెన్యువల్ మార్చి 14.

లెక్క ఇలా వచ్చింది. పోర్టింగ్ కిటికీ జనవరి 13న తెరుచుకుంటుంది, జనవరి 28న మూసుకుంటుంది. మైగ్రేషన్‌కు ఫిబ్రవరి 12 ఆఖరు. అంటే జనవరి 13నే పోర్టింగ్ వేస్తే, కాదన్నా అవునన్నా ఫిబ్రవరి మొదటివారానికి తెలుస్తుంది. కాదంటే సంజీవనిలోకి మారడానికి ఇంకా వారం చేతిలో ఉంటుంది. జనవరి 28 దాకా ఆగితే ఆ వారం ఉండదు. ఒక్కో మనిషికి ఇది వేసి చూస్తేగానీ ఈ రెండు పనులు ఒకదాని వెనుక ఒకటి ఎలా పట్టాలో నాకు కనిపించలేదు.

ఇక నా సందేహం. పోర్టింగ్ దొరక్కపోతే సంజీవని గతి అని చెప్తున్నాం కదా, మాస్టారికి అది ఏ మేరకు సరిపోతుంది? ఉత్తరంలో "అదే కంపెనీలో ఇంకో ప్లాను ఉంది" అని రాసి ఊరుకుంటే నిజం దాచినట్టు అవుతుందా?

---

శ్రీనివాసరావు_రిటైర్డ్
నవంబర్ 27, ఉదయం 6:15

అవుతుంది. అందుకే అంకెలతో చెప్పాలి.

ఆరోగ్య సంజీవనిలో గది అద్దెకు రోజుకు బీమా మొత్తంలో 2 శాతం, అదీ 5,000 దాటకుండా ఇస్తారు. మీ మాస్టారి 5 లక్షలకు 2 శాతం 10,000 అయినా ఇచ్చేది 5,000 మాత్రమే. దీని మీద ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం ఆయన భరించాలి. గది పరిమితి దాటితే గది తేడా ఒక్కటే పోదు. డాక్టరు ఫీజు, థియేటరు, నర్సింగ్ లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. చాలామందికి తెలియని దెబ్బ ఇదే.

ఒక బిల్లు ఊహించుకోండి. మాస్టారు 4 రోజులు రోజుకు 9,000 గదిలో ఉన్నారు. గది 36,000. డాక్టర్లు, థియేటరు, నర్సింగ్ 1,80,000. మందులు, స్టెంట్ లాంటివి 90,000. మొత్తం 3,06,000. సంజీవనిలో గదికి 20,000 వస్తుంది. 1,80,000ను 9లో 5 వంతులకు కోస్తే లక్ష. మందులు, స్టెంట్ పూర్తిగా 90,000. కూడితే 2,10,000. అందులో 5 శాతం, అంటే 10,500 తీసేస్తే 1,99,500. మాస్టారి జేబులోంచి 1,06,500.

అదే ఆపరేషన్ 5,000 లోపు గదిలో చేయించుకుంటే గది వల్ల కోత ఉండదు, 5 శాతమే ఆయన వంతు. కాబట్టి సంజీవనిలోకి వెళ్లేవాళ్లకు ఉత్తరంతో ఆగకుండా ఫోన్‌లో ఒకటి చెప్పండి: ఆసుపత్రిలో చేరేటప్పుడే షేరింగ్ రూమ్ అడగమని. కంటి శుక్లం ఆపరేషన్‌కు కూడా ఒక్కో కంటికి 40,000 దాటకుండా హద్దు ఉంది. మీ కస్టమర్ల వయసులో అది తప్పకుండా వచ్చే ఖర్చు.

అన్నీ చెప్పాక కూడా ఆ ప్లాను చెడ్డదని అనను. 68 ఏళ్లలో స్టెంట్ ఉన్న మనిషికి వెయిటింగ్ లేకుండా ఉన్న 5 లక్షలు పెద్ద ఆధారం.

---

కిరణ్_ఉప్పల్
నవంబర్ 27, ఉదయం 9:40

సార్, కాదనే హక్కు లేదన్నది నా పొరపాటు, ఒప్పుకుంటున్నాను. మా నాన్నది పోర్ట్ చేసినప్పుడు ఏమీ అడగలేదు. ఆయనకు అప్పుడు 49, ఏ జబ్బూ లేదు. దాన్నే అందరికీ రూల్ అనుకున్నాను.

ఇంకో డౌటు. ఎలాగూ మారుతున్నారు కదా, 10 లక్షలకు పెంచేసుకుంటే మంచిది కదా? ప్రీమియం కూడా తగ్గింది, జీఎస్టీ తీసేశారు.

---

శ్రీనివాసరావు_రిటైర్డ్
నవంబర్ 27, ఉదయం 11:10

పెంచుకోవచ్చు. కానీ పాత ఏళ్ల లాభం పాత 5 లక్షలకు, లక్ష బోనసుకు, అంటే 6 లక్షల వరకే వస్తుంది. పైన ఉన్న 4 లక్షలకు వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది. రేపు మాస్టారికి గుండెకు సంబంధించిన ఖర్చు 8 లక్షలైతే, మొదటి 3 ఏళ్లలో 6 లక్షలకే ఆశ పెట్టుకోవాలి. 10 లక్షల పాలసీ చేతిలో ఉంది కదా అని ధీమాగా ఉంటే ఆసుపత్రి కౌంటర్ దగ్గర గొడవవుతుంది. పైగా బీమా మొత్తం పెంచి అడిగితే అండర్‌రైటరు ఇంకాస్త జాగ్రత్తగా చూస్తాడు.

జీఎస్టీ గురించి: 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ ప్రీమియం మీద 18 శాతం లేదు. ఉష గారూ, పాత రసీదుతో కొత్త కంపెనీ కొటేషన్ పోల్చి చూపేటప్పుడు పాత దాంట్లోంచి పన్ను తీసేసి చూపండి. లేకపోతే కొత్తది చవకగా ఉన్నట్టు కనిపిస్తుంది.

---

జావేద్_బ్రోకర్
నవంబర్ 27, రాత్రి 8:30

మాస్టారి లాంటి కేసుల్లో నేనైతే ఒకే రోజు రెండు కంపెనీలకు వేస్తాను. చాలా ప్రపోజల్ ఫారాల్లో "ఇంతకుముందు ఏ కంపెనీ అయినా మీ ప్రపోజల్ కాదన్నదా" అని ప్రశ్న ఉంటుంది. ఒక చోట కాదన్నాక ఇంకోచోటికి వెళ్తే ఆ గడిలో "అవును" రాయక తప్పదు. ఒకేసారి వేస్తే ఆ రోజుకు "లేదు" అన్నది నిజమే. మధ్యలో ఒకరు కాదంటే రెండోవాళ్లకు ఆ సంగతి చెప్పేయండి, దాచొద్దు.

స్టెంట్ సంగతి, డిశ్చార్జి సమ్మరీ, తాజా షుగర్ రిపోర్టు అన్నీ ఫారంతోనే పెట్టండి. కొందరు ఏజెంట్లు "5 ఏళ్లు దాటితే ఏమీ అడగరు, రాయకండి" అంటారు. 60 నెలలు దాటాక పాత జబ్బు చెప్పలేదని క్లెయిమ్ కాదనకూడదన్న మారటోరియం ఉన్నది నిజమే, పోర్ట్ చేసినా ఆ ఏళ్లు కలిసి వస్తాయి. కానీ మోసం అని తేలితే ఆ రక్షణ ఉండదు. మాస్టారి స్టెంట్ క్లెయిమ్ పాత కంపెనీ రికార్డులోనే ఉంది, అది ఎలాగూ కొత్త కంపెనీకి వెళ్తుంది.

అక్కా, ఒకటి అడగొచ్చా? మీరు ఆ కంపెనీ ఏజెంటు. పోర్ట్ చేస్తే ఆ బిజినెస్ మీకు ఉండదు కదా?

---

ఉష_మల్కాజిగిరి
నవంబర్ 28, ఉదయం 7:20

అడగాల్సిన ప్రశ్నే జావేద్ భాయ్. వ్యక్తిగత ఏజెంటుగా నేను ఒక జనరల్ కంపెనీకి, ఒక హెల్త్ కంపెనీకి పనిచేయొచ్చు. ఇంతకాలం హెల్త్ కంపెనీ ఏదీ తీసుకోలేదు. ఇప్పుడు ఒకదానికి అప్లై చేశాను. అది ఉత్తరంలోనే చెప్తాను. నాకు కమీషన్ వచ్చే కంపెనీ ఇది, రాని కంపెనీలు కూడా ఉన్నాయి, అక్కడ తీసుకున్నా నేను కాగితాలు నింపి పెడతాను అని. నేను చెప్పే సలహాలో నా లాభం ఎక్కడుందో వాళ్లకు తెలియాలి కదా.

ఉత్తరం ఇలా రాశాను. మాస్టారి కాపీ ఇది.

> మాస్టారు గారికి నమస్కారం.
>
> మీ హెల్త్ పాలసీ మార్చి 13 అర్ధరాత్రి వరకు పూర్తిగా చెల్లుతుంది. అప్పటిదాకా ఆసుపత్రిలో చేరితే కార్డు పనిచేస్తుంది, క్లెయిమ్ వస్తుంది. దయచేసి పాలసీ రద్దు చేసుకోకండి.
>
> ఈ విషయం మీద ఎవరు ఫోన్ చేసినా డబ్బులు పంపకండి, ఓటీపీ చెప్పకండి. ముందు నాకు ఫోన్ చేయండి.
>
> మార్చి 14 నుంచి ఈ ప్లానును కంపెనీ కొనసాగించదు. మీకు రెండు దారులున్నాయి.
>
> వేరే కంపెనీకి మారడం: జనవరి 13న మీ ఇంటికి వస్తాను, ఆ రోజే అప్లికేషన్ వేద్దాం. జనవరి 28 దాటితే కుదరకపోవచ్చు. ఆ కంపెనీ మీ ఆరోగ్యం చూసి ఒప్పుకోవచ్చు, ఎక్కువ ప్రీమియం అడగొచ్చు, కాదనొచ్చు కూడా.
>
> ఇదే కంపెనీలో ఆరోగ్య సంజీవనికి మారడం: మిమ్మల్ని కాదనరు, మీ 7 ఏళ్లు పోవు. కానీ గదికి రోజుకు 5,000 వరకే, ప్రతి బిల్లులో 5 శాతం మీది. ఫిబ్రవరి 12 లోపు ఫారం ఇవ్వాలి.
>
> స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జి సమ్మరీ, పాత పాలసీ కాగితాలు ఒక కవరులో పెట్టి ఉంచండి.
>
> ఉష

---

పద్మ_సైనిక్‌పురి
నవంబర్ 28, ఉదయం 10:00

మా మామయ్యకు ఆ రోజు ఇలాంటి కాగితం వచ్చి ఉంటే కరెంటు బిల్లుల్లో పెట్టేవారు కాదు.

ఒక్క సలహా. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే వాళ్లకు కూడా ఒక కాపీ పంపండి. ప్రీమియం కట్టేది వాళ్లే, నిర్ణయం కూడా చాలాసార్లు వాళ్లదే.

---

శ్రీనివాసరావు_రిటైర్డ్
నవంబర్ 28, మధ్యాహ్నం 12:30

చాలా బాగుంది. "కుదరకపోవచ్చు" అన్న మాట సరైనది. 45 రోజులు దాటాక కూడా కొన్ని కంపెనీలు తీసుకుంటాయి, కానీ అది వాళ్ల దయ.

లక్ష బోనసు సంగతి ఉత్తరంలో లేదు. మైగ్రేషన్‌లో అది వస్తుందని క్లాజు చెప్తోంది, కానీ మీ బ్రాంచి సంజీవనిలో దాన్ని ఎలా లెక్కిస్తుందో రాయించుకోండి. 5 లక్షల మీద లక్షగా ఉంచుతారా, లేక సంజీవని సొంత బోనసు లెక్కలో మొదటి నుంచి పెడతారా? ఇక్కడే గొడవలు చూశాను. వాళ్లు ఇవ్వబోమంటే కంపెనీ గ్రీవెన్స్‌కు, ఆ తర్వాత ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌కు రాయండి. నెల గడిచినా తేలకపోతే లక్డీకాపూల్ దగ్గర ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, ఫీజు ఉండదు, లాయరు అక్కర్లేదు.

---

రమేష్_కూకట్‌పల్లి
నవంబర్ 28, రాత్రి 9:15

ఇదంతా చదివాక ఒకటి వెలిగింది. మా అమ్మానాన్నలు ఆఫీసు పాలసీలోనే ఉన్నారు, సొంత పాలసీ లేదు. నేను ఉద్యోగం మానేస్తే వాళ్ల సంగతేంటి?

---

జావేద్_బ్రోకర్
నవంబర్ 28, రాత్రి 9:50

రమేష్ అన్నా, అది వేరే పెద్ద కథ, వేరే టాపిక్ తెరవండి, అక్కడ చెప్తాను. అమ్మ ఆపరేషన్ అయ్యేదాకా ఉద్యోగం మాత్రం మారకండి.

---

ఉష_మల్కాజిగిరి
ఫిబ్రవరి 18, రాత్రి 10:05

ఇంతకాలం రాయలేకపోయాను, క్షమించండి. ఇంటింటికీ తిరగడంతోనే సరిపోయింది.

మాస్టారి పేపర్లు జనవరి 13న రెండు కంపెనీలకు వేశాం. మొదటిది 19నే కాదంది. ఆ కబురు రెండోవాళ్లకు మెయిల్ చేశాం. వాళ్లు ఎకో, టీఎంటీ, మూడు నెలల షుగర్ రిపోర్టు అడిగారు. టీఎంటీ రోజు మాస్టారికి జ్వరం, వారం పోయింది. ఫిబ్రవరి 10 దాకా జవాబు రాలేదు. ఆగకుండా 11న మైగ్రేషన్ ఫారం బ్రాంచిలో ఇచ్చి, కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాను. నిన్న రెండో కంపెనీ లోడింగ్‌తో ఒప్పుకుంది. ప్రీమియం ఇప్పుడు కడుతున్నదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. మాస్టారు కాగితం, పెన్ను తీసుకుని రెండు ప్లాన్లూ పక్కపక్కన వేసుకుని కూర్చున్నారు. శ్రీనివాసరావు గారి 3,06,000 బిల్లు నేను చూపిస్తే, దాన్ని మళ్లీ ఆయనే లెక్క వేసి సరిచూశారు. అమ్మగారు షేరింగ్ రూమ్ చాలంటున్నారు, ఆయన ఇంకా తేల్చలేదు. మార్చి 5 లోపు చెప్పమన్నాను.

మార్చి నెలాఖరు లోపు రెన్యువల్ ఉన్న 52 కుటుంబాల్లో 49 మందితో మాట్లాడాను. ముగ్గురి ఫోన్లు పనిచేయట్లేదు. ఒకాయన వైజాగ్ వెళ్లిపోయారని వాచ్‌మన్ చెప్పాడు, కొత్త నంబరు దొరకలేదు. ఆయన రెన్యువల్ మార్చి 22, మైగ్రేషన్‌కు ఎల్లుండే ఆఖరు.

బోనసు మీద బ్రాంచి ఇంకా రాతలో ఏమీ ఇవ్వలేదు. డిసెంబర్ 2న ఒకసారి, జనవరి 6న ఒకసారి మెయిల్ చేశాను. "హెడ్ ఆఫీసుకు పంపాం" అంటున్నారు. మాస్టారు సంజీవని అంటే ఆయన పేరు మీద, ఆయన సంతకంతో, గ్రీవెన్స్‌కు రాయాలి. శ్రీనివాసరావు గారూ, ఆ లేఖ ఒకసారి చూసిపెడతారా?

---

శ్రీనివాసరావు_రిటైర్డ్
ఫిబ్రవరి 19, ఉదయం 6:05

పంపండి. మీరు వేసిన రెండు మెయిళ్లు, పాలసీలోని ఆ క్లాజు పేజీ, స్టాంపు వేయించుకున్న ఫారం కాపీ, మూడూ జతచేయండి. వైజాగ్ ఆయన ప్రపోజల్ ఫారంలో నామినీ పేరు ఉంటుంది, ఆ పేజీలో ఇంకో నంబరు ఏమైనా ఉందేమో ఈ రోజే చూడండి.